చీటీల వేట – డెద్దు చెట్టయిన కథ

పిల్లలూ! మీకు ‘క భాష’ వచ్చు గదా? ప్రతి అక్షరానికి ముందు ‘క’ చేర్చి గబగబా మాట్లాడితే, పక్కనున్న పెద్దవాళ్ళు తెల్లమొహం వేస్తారు. ‘మా ఊరు’ అనడానికి ‘కమా కఊ కరు’ అంటే చాలు. ఈ విద్య మీ తాతల నాటి నుంచీ ఉన్నదే. అయితే ఇది నోటితో ఆడే ఆట. ఇదే మాటను కాగితం మీద దాచాలంటే మరో ఉపాయం కావాలి. ఆ ఉపాయమూ, దాన్ని బద్దలుకొట్టే తెలివీ రెండూ ఇవాళ మీకు చెబుతాను. మీ అమ్మానాన్నలను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఒక కాగితమూ పెన్సిలూ తీసుకుని చదవండి.

నేను చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా పని చేసి రిటైరయినవాణ్ణి. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతగాక, సెలవుల్లో పిల్లలకు ‘చీటీల వేట’ పెడుతూ ఉంటాను. ఒక చీటీలో ఒక చిక్కు ఉంటుంది. దాన్ని విప్పితే రెండో చీటీ ఎక్కడుందో తెలుస్తుంది. దాన్ని విప్పితే మూడోది. ఇలా చివరిదాకా పోవాలి. మొన్నటి సంక్రాంతి సెలవుల్లో ఈ వేట గద్వాలలో జరిపాము. గద్వాల నుంచి ఒక జట్టు, వనపర్తి నుంచి ఒక జట్టు, నాగర్‌కర్నూలు నుంచి ఒక జట్టు వచ్చాయి. ఇప్పుడు ఈ మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణాలు గాని, 2016 అక్టోబరు 11 దాకా మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. అందుచేత పిల్లలు తొందరగానే కలిసిపోయారు. వేట మొదలయ్యాక మాత్రం ఎవరి చీటీ వాళ్ళు చేత్తో మూసుకున్నారు!

బహుమతి కింద మూడు కట్టల కథల పుస్తకాలు పెట్టాము. చివరి చీటీ తెచ్చి చూపించిన జట్టుకు ఒక కట్ట. తేలేకపోయిన జట్టు కట్ట, అందరికంటె ముందు తెచ్చిన జట్టుకు పోతుంది. ఇదీ షరతు. నాగర్‌కర్నూలు పిల్లలకు ఈ షరతు కొంచెం గట్టిగానే తగిలింది. వాళ్ళ బడిలో కథల పుస్తకాలు ఒక్క అలమారు గూటిలో సగానికే ఉన్నాయిట. పైగా వాళ్ళు అయిదున్నర బస్సు ఎక్కాలి. లేకపోతే చీకటి పడిపోతుంది.

నాలుగు గంటలకు మూడు జట్లకూ ఒకటే చీటీ ఇచ్చాను. అందులో ఇలా ఉంది:

జోద ఞోన లజ్జర ఒజ ఖేల డెద్దు ఉంమి. ఆ డెద్దు జొస్సజు ఒజ ఙండి. ఙండికో సీ డిఖళి డీదీ.

‘‘హల్లులు మాత్రమే జరిగాయి. అచ్చులు, గుణింతాలు, సున్న ఎక్కడివక్కడే ఉన్నాయి. చీటీ మొత్తం తప్పు లేకుండా నాకు చదివి వినిపించిన తరువాతనే ఇక్కడినుంచి కదలాలి. ఊహించి పరుగెత్తగూడదు,’’ అని మాత్రం చెప్పాను.

హల్లులు జరగడం అంటే ఏమిటో మీకు చెప్పాలి గదా. మన హల్లులను వరసగా రాసి, వాటికి అంకెలు వేయండి:

క 1, ఖ 2, గ 3, ఘ 4, ఙ 5
చ 6, ఛ 7, జ 8, ఝ 9, ఞ 10
ట 11, ఠ 12, డ 13, ఢ 14, ణ 15
త 16, థ 17, ద 18, ధ 19, న 20
ప 21, ఫ 22, బ 23, భ 24, మ 25
య 26, ర 27, ల 28, వ 29
శ 30, ష 31, స 32, హ 33, ళ 34

ఇప్పుడు ఒక అంకె అనుకోండి. ఆ అంకె మూడు అయితే, ‘క’ రాయవలసిన చోట మూడు అడుగులు ముందుకు పోయి ‘ఘ’ రాయాలి. ‘త’ బదులు ‘ధ’ రాయాలి. చివరికి వచ్చాక దారి అయిపోతే మళ్ళీ మొదటికి రావాలి. అంటే ‘ళ’ తరువాత ‘క’ అన్నమాట. గుణింతం గుర్తులు మారవు గనక ‘కా’ ఉన్నచోట ‘ఘా’, ‘కి’ ఉన్నచోట ‘ఘి’ వస్తాయి. ఒత్తులు కూడా హల్లులే గనక అవీ జరుగుతాయి. చదివేవాడు అదే అంకె ప్రకారం వెనక్కి జరుపుకుంటే అసలు మాట దొరుకుతుంది. ఆ అంకే ఈ తాళానికి చెవి.

ఇది చాలా పాత ఉపాయం. రోము నగరంలో జూలియస్ సీజరు తన ఉత్తరాలను ఈ విధంగానే, మూడేసి అక్షరాలు జరిపి రాసేవాడని స్వెటోనియస్ అనే చరిత్రకారుడు రాశాడు. సీజరు క్రీస్తుకు పూర్వం 44లో చనిపోయాడు. అందుకే ఈ లిపిని ఇప్పటికీ సీజరు లిపి అంటారు.

నా చీటీలో ఎన్ని అడుగులు జరిపానో పిల్లలకు తెలియదు. అయితే ముప్పైనాలుగు హల్లులున్నాయి గనక, ఒకటి నుంచి ముప్పైమూడు దాకా ఏదో ఒక అంకె అయి ఉండాలి. ముప్పైనాలుగు జరిపితే ఎక్కడి అక్షరం అక్కడికే వస్తుంది గదా! అంటే ఈ తాళానికి చెవులు ముప్పైమూడే. అన్నీ వరసగా పెట్టి చూడవచ్చు.

గద్వాల జట్టు చేసిన పని అదే. ఒక కుర్రవాడు ముందు చీటీ మొత్తాన్ని ఒక్కొక్క అడుగు వెనక్కి జరిపి రాయబోయాడు. ఆ జట్టులో పెద్దపిల్ల అతని చెయ్యి పట్టుకుని, ‘‘అంతా ఎందుకురా? ఒక్క మాట తీసుకుందాం. అది మాటయితే మిగతావి తరువాత చూద్దాం,’’ అన్నది. ‘డెద్దు’ అనే మాట చీటీలో రెండుసార్లు వచ్చింది. అందులో హల్లులు రెండే, డ, ద. వాళ్ళు దాన్ని తీసుకున్నారు. మీరూ వాళ్ళతో పాటు జరపండి.

ఒక అడుగు వెనక్కి: ఠెథ్థు.
రెండు అడుగులు: టెత్తు.
మూడు అడుగులు: ఞెణ్ణు.
నాలుగు అడుగులు: ఝెఢ్ఢు.
అయిదు అడుగులు: జెడ్డు.
ఆరు అడుగులు: ఛెఠ్ఠు.
ఏడు అడుగులు: చెట్టు!

ఇందులో ఒక తమాషా గమనించారా? మన భాషలో ఙ, ఞ అనేవి వర్ణమాలలోనే గాని మాటల్లో విడిగా దాదాపు కనిపించవు. ఛ, ఝ, ఠ, ఢ, థ కూడా అరుదుగా వచ్చేవే. తప్పు అంకె జరిపినప్పుడు ఇవి గుంపుగా బయటికి వస్తాయి. అందుచేత ‘ఠెథ్థు’, ‘ఞెణ్ణు’, ‘ఝెఢ్ఢు’, ‘ఛెఠ్ఠు’ అనే నాలుగింటినీ పిల్లలు చూడగానే కొట్టేశారు. నోరు తిరగని మాట వస్తే అంకె తప్పని అర్థం.

కాని నోరు తిరిగినంత మాత్రాన అంకె ఒప్పు కాదు. అయిదో అడుగున ‘జెడ్డు’ రాగానే ఒక పిల్లవాడు, ‘‘జెడ్డు! జిడ్డును ఎక్కడో జెడ్డు అంటారేమో!’’ అని గంతేశాడు. సరే, చూద్దామని చీటీలోని ‘ఒజ’ను కూడా అయిదు అడుగులు వెనక్కి జరిపారు. ‘ఒగ’ అని వచ్చింది. ఇక వాడి సంతోషానికి మేర లేదు. ఎందుకంటే మా పాలమూరు పల్లెల్లో ‘ఒక’ను ‘ఒగ’ అనే వాళ్ళున్నారు. ‘‘ఒగ జెడ్డు! సరిపోయింది!’’ అన్నాడు. పెద్దపిల్ల మాత్రం, ‘‘ఇంకొక్కటి చూద్దాం ఆగరా,’’ అని ‘ఉంమి’ని అయిదు అడుగులు జరిపింది. ‘ఉంని’ అని వచ్చింది. అలాంటి మాట గద్వాలలోనూ లేదు, ఎక్కడా లేదు. దాంతో అయిదు పోయింది. ఏడు దగ్గరికి వచ్చేసరికి ‘డెద్దు’ చెట్టు అయింది, ‘ఒజ’ ఒక అయింది, ‘ఉంమి’ ఉంది అయింది. మూడు మాటలూ ఒకే అంకెకు ఒప్పుకున్నాయి. అప్పుడు నమ్మారు.

ఒక మాట సాక్ష్యం చాలదు పిల్లలూ! ఎందుకో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. ‘తల’ అనే మాటలో త 16, ల 28. రెంటికీ నడుమ దూరం పన్నెండు. దాన్ని ఎంత జరిపినా ఆ దూరం మారదు. ఇప్పుడు ‘దశ’ చూడండి. ద 18, శ 30. దూరం పన్నెండే. ‘నస’లో న 20, స 32. అదీ పన్నెండే. ‘కడ’లో క 1, డ 13. అదీ పన్నెండే! అంటే ‘తల’ అని ఒక్క మాటే రాసి దాచి ఇస్తే, చదివేవాడు ఒక అంకెతో తల అనీ, ఇంకో అంకెతో దశ అనీ, మరో అంకెతో నస అనీ చదువుతాడు. ఏది అసలుదో ఎవరూ చెప్పలేరు. చీటీ ఎంత పొట్టిగా ఉంటే అంత అనుమానం మిగులుతుంది. నాలుగైదు మాటలుంటే, తప్పు అంకెకు అవన్నీ ఒకేసారి మాటలు కావడం అసాధ్యమనే చెప్పాలి.

గద్వాల వాళ్ళు ఇలా జరుపుతూ ఉండగానే వనపర్తి జట్టు లేచి నా దగ్గరికి వచ్చేసింది. పది నిమిషాలు కూడా కాలేదు! వాళ్ళు అంకెలు వరసగా వేసి చూడనే లేదు. మరి ఎలా విప్పారు?

ఆ జట్టులో ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉన్నది. ఆమె చీటీ చేతికి రాగానే పొడుగు మాటల జోలికి పోకుండా పొట్టి మాటల కింద గీతలు గీసింది. ‘ఒజ’, ‘ఆ’, ‘సీ’, ‘ఉంమి’. తరువాత తోటివాళ్ళతో ఇలా అన్నదట: ‘‘అచ్చులు మారలేదని సారు చెప్పిండు గదా. ‘ఒ’తో మొదలై, తరువాత గుణింతం లేని ఒక్క అక్షరం ఉన్న మాట ఏది? అదీ రెండుసార్లు వచ్చేంత మామూలు మాట?’’

మీరూ ఆలోచించండి. ‘ఒడి’ కాదు, దానికి గుడి ఉంది. ‘ఒళ్ళు’ కాదు, దానికి ఒత్తూ కొమ్మూ ఉన్నాయి. ‘ఒక’ తప్ప ఇంకేం తడుతుంది? అయితే ‘జ’ అంటే ‘క’ అన్నమాట. జ 8, క 1. తేడా ఏడు.

ఇక ‘ఉంమి’. ‘ఉం’ అని మొదలై ‘ఇ’తో ముగిసే పొట్టి మాట, అదీ వాక్యం చివర! ‘ఉంది’ అని ఎవరైనా చెబుతారు. మ 25, ద 18. తేడా మళ్ళీ ఏడే. ఇద్దరు సాక్షులు విడివిడిగా ఒకే మాట చెప్పారు. చెవి దొరికింది.

‘సీ’ సంగతి కొంచెం చిత్రం. ఒక్క అక్షరపు మాట, దీర్ఘంతో. అది ‘మీ’ కావచ్చు, ‘నీ’ కూడా కావచ్చు. స 32, మ 25 గనక ‘మీ’ అయితే తేడా ఏడు. న 20 గనక ‘నీ’ అయితే పన్నెండు. ఒక్క ‘సీ’నే పట్టుకుంటే రెండు దారులు కనిపిస్తాయి. పన్నెండు దారిన పోతే ‘ఒజ’ కాస్తా ‘ఒశ’ అవుతుంది. అది మాట కాదు. అందుచేత ‘మీ’నే నిలిచింది. చూశారా, మరీ పొట్టి మాట ఆశ పెడుతుంది గాని, దాని మాట పక్కవాణ్ణి అడిగి నమ్మాలి.

ఇంగ్లీషులో రాసిన చీటీలకు ఈ పద్ధతి ఇంకా తేలిక. అందులో ఒంటరిగా నిలిచే అక్షరాలు రెండే, ‘ఏ’, ‘ఐ’. మూడక్షరాల ‘ది’ అనే మాట వాక్యం వాక్యానికీ వస్తుంది. తెలుగులో అటువంటి పొట్టి మాటలు తక్కువ. మన ‘లో’, ‘కి’, ‘కు’, ‘తో’ అనేవి విడిగా నిలబడవు, ముందున్న మాటకు తోకలాగా అతుక్కుంటాయి. అందుకని తెలుగు చీటీలో పొట్టి మాటలతో పాటు తోకలను కూడా వెతకాలి. మన చీటీలో ‘ఙండి’ అని ఒక మాట ఉంది. వెంటనే ‘ఙండికో’ అని ఇంకొకటి ఉంది. అదే మాటకు ‘కో’ అనే తోక తగిలింది. ‘ఓ’తో ముగిసే తోకలు మనకు ముఖ్యంగా రెండు, ‘లో’, ‘తో’. ‘లో’ అనుకుంటే, ‘క’ నుంచి ‘ల’కు వెనక్కి పోవాలి. క నుంచి ఒక అడుగు వెనక్కి వేస్తే ళ, తరువాత హ, స, ష, శ, వ, ల. లెక్కపెట్టండి, సరిగ్గా ఏడు! మూడో సాక్షి కూడా వచ్చాడు.

వనపర్తి అమ్మాయి చీటీ అంతా గడగడా చదివి వినిపించింది: ‘‘కోట గోడ పక్కన ఒక వేప చెట్టు ఉంది. ఆ చెట్టు కొమ్మకు ఒక సంచి. సంచిలో మీ చివరి చీటీ.’’

వాళ్ళు చెట్టు దగ్గరికి పోయి, సంచిలోని మూడు చీటీలలో తమది తీసుకుని వచ్చారు. మరి కాసేపటికి గద్వాల వాళ్ళూ చదివేసి, తమ చీటీ తెచ్చుకున్నారు.

నాగర్‌కర్నూలు జట్టు ఇంకా కూర్చునే ఉంది. అయిదు గంటలయింది. వాళ్ళ వెంట వచ్చిన పెద్దాయన గడియారం చూసుకుంటున్నాడు. ఆ జట్టులోని చిన్నవాడొకడు నా దగ్గరికి వచ్చి, ‘‘సార్, చెవి దొరికింది. ఏడు. కాని శేప చెట్టు అని వస్తున్నది. శేప అంటే శాపనా సార్? శాపలకు చెట్టుంటదా?’’ అని అడిగాడు. మా వైపు చేపను శాప అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు, పాపం! వాడి కళ్ళు పుస్తకాల కట్టల మీద ఉన్నాయి.

వాళ్ళు చదివింది ఇది: ‘‘కోట గోడ పక్కన ఒక శేప చెట్టు ఉంది. ఆ చెట్టు కొమ్మకు ఒక హంచి. హంచివో మీ చిశరి చీటీ.’’

మొత్తం పదహారు మాటలు. పన్నెండు సరిగా ఉన్నాయి. నాలుగు చెడిపోయాయి. జట్టులో ఒకడు విసుగుపడి, ‘‘ఏడు కాదేమో, మళ్ళీ మొదటినుంచి చూద్దాం,’’ అని కాగితం నలపబోయాడు. వాళ్ళలో సన్నగా, మాట్లాడకుండా ఉండే అమ్మాయి ఒకతె ఆ కాగితం లాక్కున్నది. ‘‘ఏడు తప్పయితే పన్నెండు మాటలు ఎట్ల వస్తయి? చెవి మంచిదే. ఇంకేదో తప్పింది,’’ అన్నది.

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. కాని నోరు విప్పగూడదు గదా! చూస్తూ నిలబడ్డాను.

ఆమె చెడిన అక్షరాల కింద మాత్రం చుక్కలు పెట్టింది. చీటీలో వాటి అసలు రూపాలు చూసింది. ‘ఖేల’లో ఖ, ‘ఙండి’లో ఙ, ‘ఙండికో’లో ఙ, క, ‘డిఖళి’లో ఖ. మూడు అక్షరాలే, క, ఖ, ఙ. మూడూ వర్ణమాల మొట్టమొదటి వరసలోవే! బాగున్న అక్షరాలన్నీ ‘జ’, ఆ తరువాతివి. అంటే ఏడు అడుగులు వెనక్కి వేస్తే ‘క’ దాటి అవతలికి, వర్ణమాల చివరికి పోవలసిన అక్షరాలు మాత్రమే చెడిపోయాయి. దాటనవసరం లేనివన్నీ బాగున్నాయి. అయితే తప్పు ఎక్కడుండాలి? ‘క’కూ చివరి అక్షరానికీ మధ్య ఉన్న ఆ అతుకు దగ్గర!

ఆమె తమ అక్షరాల పట్టీ తీసి చూసింది. వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకున్న వర్ణమాల ప్రకారం ‘ళ’ తరువాత ‘క్ష’ కూడా రాసుకున్నారు. అంటే వాళ్ళ పట్టీలో ముప్పైఅయిదు ఉన్నాయి. ఆ ఒక్క గడి ఎక్కువ ఉండడంవల్ల అతుకు దాటిన ప్రతి అక్షరమూ ఒక అడుగు తక్కువ వెనక్కి పోయి, వ బదులు శ, స బదులు హ, ల బదులు వ వచ్చాయి. ‘క్ష’ అనేది క, ష కలిసిన జంట అక్షరం. అందుచేత నా లెక్కలో అది విడిగా లేదు. ఎన్ని అక్షరాలు తీసుకున్నానో ముందుగా చెప్పకపోవడం చిక్కులో భాగమే. కొన్ని వర్ణమాలల్లో చివర బండి ‘ఱ’ కూడా ఉంటుంది. అదీ చేరిస్తే ముప్పైఆరు అవుతాయి. అప్పుడు శేప చెట్టు కాస్తా ‘షేప’ చెట్టు అయ్యేది!

ఆమె పెన్సిలుతో ‘క్ష’ను కొట్టేసి, చెడిన నాలుగు మాటలనూ మళ్ళీ జరిపింది. వేప, సంచి, సంచిలో, చివరి. నిలబడి చదివింది. చదవడం పూర్తికాకముందే చిన్నవాడు చెట్టు వైపు చూస్తున్నాడు. ‘‘ఇప్పుడు పో!’’ అన్నాను. అయిదూ ఇరవైకి వాడు చీటీ పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. వాళ్ళ పుస్తకాల కట్ట వాళ్ళతోనే బస్సెక్కింది.

ఈ అతుకు దగ్గర చిక్కు పాతకాలంలోనూ ఉన్నదే. సీజరు తరువాత రోమును ఏలిన ఆగస్టసు ఒక్క అడుగే జరిపి రాసేవాడని అదే స్వెటోనియస్ చెప్పాడు. అయితే చివరి అక్షరం వచ్చినప్పుడు ఆయన మొదటికి తిరిగి వచ్చి ఒక్క ‘ఏ’ రాసేవాడు కాదు. ‘ఏ’ను రెండుసార్లు రాసేవాడట. ఎవరి ఏర్పాటు వాళ్ళది. చీటీ రాసేవాడూ చదివేవాడూ అంకె మీదనే గాక, వర్ణమాల ఎక్కడ అయిపోతుందనే దాని మీద కూడా ఒప్పందం చేసుకోవాలి. ఒప్పందం తెలియనివాడు నాగర్‌కర్నూలు అమ్మాయిలాగా, ఏ అక్షరాలు చెడ్డాయో చూసి దాన్ని పట్టుకోవాలి. అక్కడక్కడా కొన్ని అక్షరాలే, అవీ వర్ణమాల ఒక చివరివే చెడితే అతుకు తప్పు. అన్ని మాటలూ చెడితే అంకె తప్పు. ఏదో ఒక్క మాట మాత్రమే చెడితే, చీటీ రాసినవాడి చెయ్యి తప్పు!

ముప్పైమూడు చెవులే ఉన్న తాళంతో ఇంటికి తాళం వేయగూడదని మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అసలు రహస్యాలను ఇందులో పెట్టకండి. ఆటకు మాత్రం దీన్ని మించింది లేదు.

మీరు ఆడాలనుకుంటే ఒక పొడుగాటి కాగితం పట్టీ మీద ముప్పైనాలుగు హల్లులనూ సమానమైన గళ్ళలో ఒకసారి రాయండి. ఇంకో పట్టీ మీద అవే హల్లులను వరసగా రెండుసార్లు రాయండి. రెండో పట్టీని మొదటిదాని కింద పెట్టి జరుపుతూ పోతే, ఏ అక్షరం కింద ఏది వస్తుందో వేలితో లెక్కపెట్టకుండానే కనిపిస్తుంది. రెండుసార్లు రాయడంవల్ల అతుకు దగ్గర తడబాటు ఉండదు. అన్నట్టు, పదిహేడు అడుగులు జరిపి చూడండి. ముందుకు జరిపినా వెనక్కి జరిపినా ఒకటే అక్షరం వస్తుంది. ఎందుకో మీరే కనుక్కోండి.

చివరగా ఒక చీటీ ఇస్తున్నాను. దీని అంకె ఏడు కాదు. హల్లులు మాత్రం అవే ముప్పైనాలుగు. ఇందులో మీకు ఒక ‘అవ్వ’ కనిపిస్తుంది. ఆమెను చూసి మోసపోకండి! పొట్టి మాటను పట్టుకోండి, ఇంకో ఇద్దరు సాక్షులను పిలవండి. విప్పాక చీటీ ఏం చెబుతుందో అలాగే చేయండి.

వీషు ఒఙ ఞీణీ షాఖి వీ అవ్వఙు ఇహ్హంథి.